రోజుతో పాటు కదిలే చట్రం

షెంగెన్ దేశాలకు వెళ్ళొచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఒక లెక్క నోటికి వచ్చు: ఆరు నెలల్లో మూడు నెలలు ఉండొచ్చు. చెప్పుకోవడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ అది పాత లెక్క. 2013 అక్టోబర్ 18 నుంచి అమల్లో ఉన్న నియమం వేరు. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. నెలల్ని రోజులు చేశారు, అంతేగా అనిపిస్తుంది. అంతే కాదు. ఈ నియమాన్ని రాసినవాళ్ళ పనితనం తెలియాలంటే వాళ్ళు పూడ్చిన గండి ఏమిటో ముందు చూడాలి.

పాత నియమం ప్రకారం ఆరు నెలల గడువు 'మొదటి ప్రవేశం' నుంచి మొదలవుతుంది. మరి ఏది మొదటి ప్రవేశం? జీవితంలో మొట్టమొదటిసారి అడుగుపెట్టిన రోజా? ఆర్నెల్లు గడిచాక మళ్ళీ వచ్చిన రోజు కూడానా? నికొలాయె బోట్ అనే రొమేనియా పౌరుడి కేసులో ఈ ప్రశ్న ఫ్రాన్స్ నుంచి యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2006 అక్టోబర్ 3న తీర్పు వచ్చింది. ఒక ఆర్నెల్ల గడువు ముగిశాక తొలిసారి లోపలికి వచ్చిన రోజు నుంచి కొత్త ఆర్నెల్లు మొదలవుతాయని న్యాయస్థానం తేల్చింది. ప్రశ్నకు జవాబైతే దొరికింది కానీ దాంతో పాటే గండి కూడా బయటపడింది.

ఒకాయన జనవరి 1న వచ్చి ఆ రోజే వెళ్ళిపోయాడనుకోండి. మళ్ళీ ఏప్రిల్ 3న వచ్చి జూన్ 30 దాకా 89 రోజులు ఉన్నాడు. మూడు నెలల కోటా అయిపోయింది. కానీ ఆర్నెల్ల గడువు కూడా సరిగ్గా అప్పుడే ముగిసింది. ఒకసారి సరిహద్దు దాటి, జూలై 1న తిరిగి లోపలికి వస్తే అది కొత్త 'మొదటి ప్రవేశం'. ఇంకో మూడు నెలలు ఉండొచ్చు. అంటే ఏప్రిల్ మొదటి వారం నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా దాదాపు ఆర్నెల్లు ఒకే బిగిన ఉన్నా చట్టాన్ని మీరినట్టు కాదు. ఇది న్యాయమూర్తులకు కనిపించకపోలేదు. నియమాన్ని మార్చడం శాసనం చేసేవాళ్ళ పని, తమ పని కాదన్నారు.

ఆ మార్పు 2013 జూన్‌లో 610/2013 నంబరు నియంత్రణగా వచ్చింది. అందులో గడువు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నే లేకుండా చేశారు. మీరు షెంగెన్ ప్రాంతంలో ఉన్న ప్రతి రోజుకూ, ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు చూడాలన్నారు. మొదలంటూ ఏదీ లేదు, ఆఖరు మాత్రమే ఉంది. ఆ ఆఖరు ఈరోజే. రేపు అది రేపటికి జరుగుతుంది. క్యాలెండర్ మీద 180 గడులు కనిపించేలా కత్తిరించిన అట్ట చట్రాన్ని పెట్టి, రోజుకో గడి చొప్పున ముందుకు జరుపుతూ పోవడమే ఈ లెక్క. చట్రంలో కనిపించే బస రోజులు ఎప్పుడూ 90 దాటకూడదు. నాకు మరీ నచ్చేది, నెలల్ని పూర్తిగా వదిలేయడం. నెలకి 28 రోజులుంటాయి, 31 కూడా ఉంటాయి. రోజుకి ఆ పేచీ లేదు.

ఇక్కడే చాలామంది ఒక రోజు తప్పుతారు. 180 రోజుల్లో ఈరోజు కూడా ఉంది. కాబట్టి వెనక్కి లెక్కపెట్టాల్సింది 179 రోజులే. ఆరు నెలల కిందటి అదే తారీఖుకి వెళ్ళి లెక్కపెడితే అది సాధారణంగా 180 కంటే ఎక్కువే అవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చేసి చూద్దాం. విజయవాడలో రిటైరైన ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. కూతురు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. భారతీయుల కోసం 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ వీసా పద్ధతి సడలించింది. మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్ళకు మామూలుగా రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇస్తున్నారు. ఈవిడ దగ్గర అలాంటిదే ఉంది. నెల రోజుల సింగిల్ ఎంట్రీ వీసా మీద ఒక్కసారి వెళ్ళొచ్చేవాళ్ళకి ఈ లెక్కతో పెద్దగా పని పడదు. చాలా ఏళ్ళ వీసా చేతికొచ్చాకే అసలు కథ.

2024లో ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. 2025లో జనవరి 10 నుంచి ఫిబ్రవరి 8 దాకా మనవడి పుట్టినరోజుకని వెళ్ళి 30 రోజులున్నారు. ఎండలు ముదిరాక మే 1 నుంచి జూన్ 14 దాకా మళ్ళీ వెళ్ళి 45 రోజులున్నారు. జూలై 1న మూడోసారి వెళ్ళాలి. కూతురు ఫోన్‌లో, "అమ్మా, 75 అయిపోయాయి, నీకింక పదిహేను రోజులే ఉన్నాయి. జూలై 15కి రిటర్న్ టికెట్ తీసేస్తున్నా" అంటుంది. తొంభైలోంచి డెబ్భై అయిదు తీసేస్తే పదిహేనేగా.

ఇప్పుడు చట్రం పెట్టి చూద్దాం. జూలై 1 నుంచి వెనక్కి 179 రోజులు వెళ్తే జనవరి 3 వస్తుంది. జనవరి బస మొత్తం చట్రంలోనే ఉంది. కాబట్టి ఆ రోజు లెక్క 76. జూలై 8కి అది 83 అవుతుంది. ఆ రోజు చట్రం మొదటి గడి జనవరి 10, అంటే ఆవిడ మొదటిసారి దిగిన రోజు. జూలై 9న చట్రం ఒక గడి జరిగితే జనవరి 10 బయటికి పోతుంది. ఒక కొత్త రోజు చేరింది, ఒక పాత రోజు పోయింది. లెక్క 83 దగ్గరే నిలిచింది. 10న కూడా అంతే, 11న కూడా అంతే. ముందు డోర్లో ఒకరు ఎక్కుతుంటే వెనక డోర్లో ఒకరు దిగిపోతున్న బస్సులా సంఖ్య కదలదు. జనవరి, ఫిబ్రవరుల్లో ఉన్న ముప్ఫై రోజులూ ఇలా ఒక్కొక్కటే జారిపోయి, ఆగస్టు 7న ఆఖరుదైన ఫిబ్రవరి 8 కూడా పోతుంది. ఆ తర్వాత పోవడానికి పాత రోజులేవీ దగ్గర్లో లేవు. మే 1 బయటికి వెళ్ళేది అక్టోబర్ 28నే. కాబట్టి ఆగస్టు 8న 84, ఆపైన రోజుకొకటి పెరుగుతూ ఆగస్టు 14న 90. ఆవిడ ఆ రోజు బయల్దేరాలి. కూతురు చెప్పిన పదిహేను రోజులు కాదు, 45 రోజులు ఉండొచ్చు.

ఈ ఉదాహరణలో ఇంకో సంగతి గమనించండి. లోపల ఉన్నంత కాలం లెక్క పెరగడమో, ఉన్నచోటే ఉండడమో తప్ప ఎప్పుడూ తగ్గదు. ఎందుకంటే ప్రతి రోజూ ఒకటి చేరడం ఖాయం, పోయేది మాత్రం మహా అయితే ఒకటి. దీనివల్ల లెక్కపెట్టేవాడికి పని ఎంతో తగ్గుతుంది. నియమం ప్రతి రోజునీ పరీక్షించమంటుంది. నిజానికి ఒక్కో ప్రయాణంలో ఆఖరు రోజుని పరీక్షిస్తే చాలు. ఆ రోజు 90 దాటకపోతే అంతకుముందు ఏ రోజూ దాటి ఉండదు. మనవాళ్ళు ఎక్కువగా చేసేది దీనికి తలకిందులు. లోపలికి వెళ్ళే రోజుకి లెక్క చూసుకుని, మిగిలినవి ఇన్ని అని తేల్చేస్తారు. కూతురి లెక్క తప్పింది అక్కడే. అదృష్టవశాత్తూ ఈ తప్పు ఎక్కువ రోజులు ఉండిపోయే వైపు పోదు, అవకాశం పోగొట్టుకునే వైపే పోతుంది.

90, 180 అనే అంకెల జోడీ కూడా ఊరికే పెట్టింది కాదు. ఒక మనిషి తొంభై రోజులు వరసగా బయట ఉంటే, అంతకుముందు ఎంత కాలం లోపల ఉన్నాడన్నది చూడనక్కర్లేదు. తిరిగొచ్చి పూర్తి తొంభై రోజులు ఉండొచ్చు. ఎలాగంటే, తిరిగొచ్చాక పదో రోజున ఉన్నాడనుకోండి. చట్రంలో ఈ పది రోజులు, బయట గడిపిన 90 రోజులు పోగా మిగిలేవి 80 పాత రోజులు. ఆ ఎనభైలోనూ అతను లోపలే ఉన్నాడనుకున్నా, ఎనభై, పది కలిపి తొంభయ్యే. ఇరవయ్యో రోజున 70, 20. కొత్తవి పెరిగిన కొద్దీ పాతవాటికి చోటు సరిగ్గా అంతే తగ్గుతుంది. ఒకటి రెండోదానిలో సగం కావడంతో ఈ వెసులుబాటు దానంతటదే వచ్చింది. వేరే నిబంధన రాసుకోవాల్సిన పని పడలేదు.

అంచుల దగ్గర మాత్రం నియమం కరుగ్గానే ఉంటుంది. దిగిన రోజు ఒక పూర్తి రోజు, వెళ్ళిన రోజు కూడా ఒక పూర్తి రోజు. రాత్రి పదకొండున్నరకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇమిగ్రేషన్ దాటినా ఆ అరగంటకి ఒక రోజు పోయినట్టే. అందుకని, టీచరమ్మని అల్లుడు శుక్రవారం లండన్ తీసుకెళ్ళి ఆదివారం వెనక్కి తెస్తే, బయట గడిపింది మూడు రోజులనిపించినా మిగిలేది శనివారం ఒక్కటే. లండన్‌కి బదులు ప్యారిస్ తీసుకెళ్తే అదీ మిగలదు. 29 షెంగెన్ దేశాలూ ఈ లెక్కకి ఒకే దేశం. ఐర్లండ్, బ్రిటన్, సైప్రస్ ఆ గీతకి అవతల ఉన్నాయి.

నివాస అనుమతి మీద గానీ, దీర్ఘకాల వీసా మీద గానీ ఉన్న రోజుల్ని దీంట్లో కలపరు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకి అక్కడ ఉండే రోజుల మీద ఈ గొడవ లేదు. అయితే ఆ అనుమతితో ఇటలీకో స్పెయిన్‌కో తిరగడానికి వెళ్తే, ఆ ఇతర దేశాల్లో గడిపే రోజులకి మళ్ళీ ఇదే 90, 180 లెక్క.

ఇంత చక్కటి నియమాన్ని చాలా ఏళ్ళు రబ్బరు స్టాంపులతోనే నడిపారు. ఇంకు అలుక్కుపోయిన తారీఖుల్ని పాస్‌పోర్టు పేజీల్లో వెతికి, అధికారి మనసులోనే కూడుకునేవాడు. 2025 అక్టోబర్ 12న దశలవారీగా మొదలైన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ స్టాంపుల స్థానంలో కంప్యూటర్ నమోదు తెచ్చింది. అధికారి తల పట్టుకుని చేసిన కూడిక ఇప్పుడు యంత్రం చేస్తుంది. ఒక రోజు తేడాని ఎవరూ గమనించరులే అన్న ధీమాకి ఇక చోటు లేదు. ప్రయాణికుల కోసం యూరోపియన్ కమిషన్ వెబ్‌సైటులో ఒక కాలిక్యులేటర్ కూడా ఉంది. వచ్చిన, వెళ్ళిన తారీఖులు వేస్తే ఫలానా రోజుకి లెక్క ఎంతో చెబుతుంది. ముందు ముందు ఎన్ని రోజులు ఉండొచ్చో కూడా చూసుకోవచ్చు. అది సాయానికే, అది చూపించినంత మాత్రాన ఉండే హక్కు రాదని వాళ్ళే రాశారు.

ఆ కాలిక్యులేటర్‌కి తెలియనిది వీసా స్టిక్కర్ మీద ఉంటుంది. డ్యూరేషన్ ఆఫ్ స్టే దగ్గర 90 అని ఉంటే సరే. అక్కడ 30 అని వేసి ఉంటే ఆ వీసా మీద ఉండగలిగేది ముప్ఫై రోజులే, చట్రంలో ఎంత ఖాళీ ఉన్నా సరే. వీసా ముగిసే తారీఖు కూడా అంతే. టీచరమ్మ వీసా జూలై 31తో అయిపోతుంటే, ఆగస్టు 14 దాకా వేసిన లెక్క ఎంత సరైనదైనా, జూలై 31 దాటకుండా విమానం ఎక్కాల్సిందే.