చలిలో పెరిగే క్రిమి, దాని జాడ పట్టిన పనితనం

2017లో దక్షిణాఫ్రికా ఆసుపత్రులకు లిస్టీరియా రోగులు వరసగా రాసాగారు. వాళ్లంతా ఒక ఊరివాళ్లు కారు, ఒక విందులో తిన్నవాళ్లూ కారు. పైగా ఈ జబ్బు బయటపడటానికి ఒక్కోసారి 70 రోజులు పడుతుంది. అన్నాళ్ల కిందట ఏం తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? అయినా అక్కడి జాతీయ అంటువ్యాధుల సంస్థ ఎన్‌ఐసీడీ ఆ జాడను ఒక ఫ్యాక్టరీ దాకా పట్టుకెళ్లింది. ఆ పనితనం దగ్గరగా చూడదగ్గది.

ముందు వాళ్లు రోగుల నుంచి తీసిన క్రిముల జన్యుక్రమం చదివారు. పదింట తొమ్మిదికి పైగా ఎస్‌టీ6 అనే ఒకే రకం. అంటే మూలం ఒక్కటే. 109 మందిని తిండి గురించి అడిగితే 93 మంది వండకుండా తినే మాంసం పేరు చెప్పారు. అందులో ఎక్కువమంది తిన్నది పోలనీ అనే సాసేజ్. 2018 జనవరిలో సొవెటోలోని ఒక శిశు సంరక్షణ కేంద్రం నుంచి తొమ్మిదిమంది పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి వచ్చారు. అధికారులు వెంటనే ఆ కేంద్రం ఫ్రిజ్‌లోని పోలనీని పరీక్షకు పంపారు. అందులోనూ ఎస్‌టీ6 ఉంది. అక్కణ్నుంచి ఆ పోలనీ తయారైన పొలొక్వానే ఫ్యాక్టరీకి వెళ్తే, అక్కడా అదే దొరికింది. మార్చి 4న ప్రభుత్వం ఆ సంగతి ప్రకటించి సరుకు వెనక్కి రప్పించింది. అప్పటికే 200 దాకా ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లలో చాలామంది పసికందులు.

ఉడికించిన మాంసంలోకి క్రిమి ఎలా వచ్చింది? ఉడుకుకు అది చస్తుంది. కానీ ఉడికాక కోసేచోట, ప్యాక్ చేసేచోట తడి యంత్రాల మీద ఉన్నది మళ్లీ అంటుకుంటుంది. పోటీపడే మిగతా క్రిములు ఉడుకుకే పోయాయి కాబట్టి దానికి అడ్డు లేదు. చలికి మామూలు క్రిముల పైపొర బిగుసుకుపోతుంది. లిస్టీరియా తన పొరలోని కొవ్వు ఆమ్లాలను మార్చుకుని దాన్ని మెత్తగా ఉంచుకుంటుంది. అందుకే 4 డిగ్రీల దగ్గరా పెరుగుతుంది. ఆ చలిలో ఒకటిన్నర రోజుకోసారి రెండింతలవుతుందనుకుందాం. గ్రాముకు ఒక్కటి ఉన్నా 21 రోజుల్లో పదహారు వేలు దాటుతుంది. వాసన మారదు, రంగు మారదు. తినేముందు వేడి చేయం కాబట్టి ఆఖరి అడ్డు కూడా ఉండదు.

పూర్వం ప్రయోగశాలల్లో దీన్ని పట్టడానికి నమూనాను వారాల తరబడి 4 డిగ్రీల దగ్గరే ఉంచేవారు. మిగతా క్రిములు వెనకబడితే ఇది పైకి వచ్చేది. ఆ పద్ధతి ఎంత తెలివైనదో, వారాల తరబడి ఫ్రిజ్‌లో పెట్టిన ప్యాకెట్ అంత ప్రమాదకరం.

కాబట్టి అశ్వారావుపేటలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా, ఫ్రిజ్ తిండిని కాపాడుతుందన్న ధీమా వద్దు. విప్పిన సాసేజ్ ప్యాకెట్లను రోజుల తరబడి దాచకండి. గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు పెట్టేముందు లోపలిదాకా పొగలు కక్కేలా వేడి చేయండి. 70 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచితే ఈ క్రిమి చస్తుంది.