‘బుర్ర’ ఎవరిది, ‘కష్టం’ ఎవరిది? గణిత, విజ్ఞానశాస్త్రాల్లో బాలికలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బాలికలకు లెక్కలు రావనే పాత మూసభావన నేడు బాహాటంగా వినిపించడం తగ్గింది. దాని స్థానంలో, బాలికల మార్కులు శ్రమవల్ల, బాలుర మార్కులు తెలివివల్ల వస్తాయనే మరో భావన నిలిచింది. మంచి మార్కులు ఈ రెండో భావనను ఖండించలేవు. ఇది ఎప్పుడు ఏర్పడుతుందో, ఇంటర్మీడియట్ గ్రూపు ఎంపికలో ఎలా పనిచేస్తుందో, ఆదర్శ వ్యక్తుల పరిచయం దానిని ఎప్పుడు సడలిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మూసభావన, గణితం, విషయ ఎంపిక, ఆదర్శ వ్యక్తులు, ఇంటర్మీడియట్.

1. ప్రవేశిక:
పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున తెలుగు ఇళ్లలో రెండు రకాల వాక్యాలు వినిపిస్తాయి. “పాపం, రాత్రింబవళ్లు కూర్చుని చదివింది” అనేది ఒకటి. “వాడికి బుర్ర ఉంది గాని పుస్తకం ముట్టడు” అనేది రెండోది. మొదటిది మెచ్చుకోలు, రెండోది మందలింపు. అయినా అర్థాన్ని విప్పి చూస్తే మందలింపులోనే పెద్ద కితాబు దాగి ఉంది. మొదటి వాక్యం శ్రమను గుర్తించి తెలివి విషయంలో మౌనం వహిస్తుంది. రెండో వాక్యం శ్రమ లేదని చెబుతూనే తెలివిని ప్రకటిస్తుంది. మొదటిది ఎక్కువగా ఆడపిల్ల గురించి, రెండోది మగపిల్లవాడి గురించి వినిపించడమే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. ఆరేళ్ల వయసులో మారే ఊహ:
లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ అమెరికాలో 5 నుండి 7 ఏళ్ల పిల్లలపై జరిపిన పరిశోధన 2017లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. అందులోని నాలుగు అధ్యయనాల్లో మొత్తం 400 మంది పిల్లలు పాల్గొన్నారు. ఒక అధ్యయనంలో చాలా చాలా తెలివైన ఒక వ్యక్తి గురించి పిల్లలకు చిన్న కథ చెప్పారు. ఆ వ్యక్తి స్త్రీయో పురుషుడో కథలో తెలియనివ్వలేదు. తరువాత ఇద్దరు స్త్రీల, ఇద్దరు పురుషుల చిత్రాలు చూపి, కథలోని మనిషి వీరిలో ఎవరై ఉంటారో ఊహించమన్నారు. అయిదేళ్ల పిల్లల్లో బాలికలు స్త్రీలను, బాలురు పురుషులను దాదాపు సమానంగా ఎంచుకున్నారు. ఆరు, ఏడేళ్ల వయసులో తెలివిని తమ జాతికి ఆపాదించుకునే బాలికల సంఖ్య బాలురకంటే తగ్గింది.

ఇక్కడ ఆగి చూడవలసిన అంశం మరొకటి ఉంది. బడిలో ఎవరికి మంచి మార్కులు వస్తాయని అడిగినప్పుడు అదే వయసు బాలికలు బాలికలనే ఎక్కువగా చూపారు. అంటే తమ తోటి బాలికలు బాగా చదువుతారని వారికి తెలుసు. ఆ తెలిసినది తెలివిని గురించిన వారి ఊహను నిలబెట్టలేకపోయింది. మరో అధ్యయనంలో రెండు కొత్త ఆటలను పరిచయం చేశారు. ఒకటి చాలా తెలివైన పిల్లలదని, ఇంకొకటి చాలా కష్టపడే పిల్లలదని చెప్పారు. ఆరు, ఏడేళ్ల బాలికలు మొదటి ఆటపై బాలురకంటే తక్కువ ఆసక్తి చూపారు. రెండోదానిపై అలాంటి తేడా కనిపించలేదు.

ఆ పిల్లల్లో అధికులు అమెరికా మధ్యతరగతివారు. కాబట్టి ఆ వయోపరిమితిని యథాతథంగా తెలుగు బాలికలకు అన్వయించలేము. అయితే మార్కులు వేరు, తెలివి వేరు అనే విభజనను అతి చిన్న వయసులోనే నేర్చుకోవడం సాధ్యమని ఈ పరిశోధన చూపింది.

3. శాస్త్రాల చుట్టూ అల్లిన నమ్మకం:
లెస్లీ, సింపియన్ ప్రభృతులు 2015లో ప్రచురించిన మరో పరిశోధన ఈ విభజనను శాస్త్రాలతో ముడిపెట్టింది. 30 విద్యాశాఖలకు చెందిన 1,800 మందికి పైగా అధ్యయనకర్తలను, తమ రంగంలో రాణించడానికి సహజ ప్రతిభ ఎంత అవసరమని అడిగారు. సహజ ప్రతిభే కీలకమని నమ్మే శాఖల్లో పిహెచ్.డి. పొందే స్త్రీల శాతం తక్కువగా ఉంది. అమెరికాలో అణు జీవశాస్త్రంలో ఆ పట్టాలు పొందినవారిలో సుమారు సగం మంది స్త్రీలు కాగా, భౌతికశాస్త్రంలో 20 శాతం కంటే తక్కువ. విజ్ఞానశాస్త్రం కాని తత్త్వశాస్త్రంలోనూ అది 35 శాతం లోపే. కనుక స్త్రీలు విజ్ఞానానికి దూరమనే వివరణ సరిపోదు. ఇది సహసంబంధమే గాని కారణ నిరూపణ కాదు. అయినా ఒక శాస్త్రం తనను గురించి తాను చెప్పుకునే కథ అందులోకి ఎవరు వస్తారనే విషయంతో ముడిపడి ఉండవచ్చునని ఇది సూచిస్తుంది.

4. ఎంపీసీ, బైపీసీ:
ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ కథ పదో తరగతి తరువాత నిర్ణయంగా మారుతుంది. పదిహేనేళ్ల వయసులో చేసే గ్రూపు ఎంపికను తరువాత మార్చుకోవడం కష్టం. “బైపీసీకి ఓపిక ఉంటే చాలు, ఎంపీసీకి బుర్ర కావాలి” అనే మాటలో పై విభజనే తెలుగులో పలుకుతున్నది.

ఊహాత్మక ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అక్క, తమ్ముడు వరసయ్యే ఇద్దరు పిల్లలకు పదో తరగతి గణితంలో సమానంగా 95 మార్కులు వచ్చాయి. ఇద్దరూ ఎంపీసీలో చేరారు. ప్రమేయాల పాఠంపై జరిగిన మొదటి పరీక్షలో ఇద్దరికీ సగం మార్కులే వచ్చాయి. పదో తరగతి లెక్కల పద్ధతికి అలవాటుపడినవారికి నిర్వచనాలతో నిరూపణలు చేయడం కొత్త కాబట్టి ఇది సహజం. తమ్ముడి విషయంలో “వాడు శ్రద్ధ పెట్టలేదు” అంటారు. అక్క విషయంలో “ఎంత చదివినా దానికి ఎక్కడం లేదు” అంటారు. మొదటి వ్యాఖ్య సూచించే మందు మరింత సాధన. రెండో వ్యాఖ్యకు మందు లేదు, గ్రూపు మార్చడమే మిగులుతుంది. ఆమె ఇంతవరకు చూపిన శ్రమే ఇక్కడ ఆమెకు ప్రతికూల సాక్ష్యమవుతుంది.

ఈ మూసను గుర్తించడానికి సులభమైన పరీక్ష ఉంది. ఉపాధ్యాయుడు తాను రాసిన వ్యాఖ్యలో పేరు మార్చి చదువుకోవాలి. అప్పుడు వాక్యం అసహజంగా తోస్తే, తీర్పునిచ్చినది జవాబుపత్రం కాదని తెలుస్తుంది. జీవశాస్త్రంపై ఇష్టంతో బైపీసీ ఎంచుకున్న బాలికకు మాత్రం ఈ విమర్శ వర్తించదు. ఇష్టంతో చేసిన ఎంపికనూ, భయంతో చేసిన ఎంపికనూ వేరుచేయడమే ముఖ్యం.

5. ఆదర్శ వ్యక్తుల కథనరీతి:
ఈ సమస్యకు పరిష్కారంగా స్త్రీ శాస్త్రవేత్తల జీవితాలను పరిచయం చేయడం పరిపాటి. అయితే ఏ కథ చెబుతున్నామన్నది ప్రధానం. శకుంతలాదేవి 1980లో లండన్‌లో రెండు 13 అంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించారు. ఈ సంఘటనను పుట్టుకతో వచ్చిన అద్భుతశక్తిగా మాత్రమే వర్ణిస్తే, గణితం అద్భుతశక్తి గలవారిదనే నమ్మకమే బలపడుతుంది. వినే బాలిక ఆమెను ఆరాధిస్తుంది, తనను మాత్రం ఆ స్థానంలో చూసుకోదు.

లీలావతి విషయం ఇంకా ఆలోచనీయం. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుని గ్రంథంలో ఆమె లెక్క చేయమని పిలుపు అందుకునే బుద్ధిశాలి. ఫైజీ 1587లో చేసిన పారశీకానువాదం ద్వారా ప్రచారమైన కథలో మాత్రం ఆమె పెళ్లి ముహూర్తం తప్పిన దురదృష్టవంతురాలు, గ్రంథం ఆమెకు ఓదార్పు. లోకానికి గుర్తున్నది ఈ రెండో లీలావతే.

ఫ్రాన్స్‌లో 2015-16 విద్యాసంవత్సరంలో జరిగిన క్షేత్రప్రయోగం ఇక్కడ ఉపకరిస్తుంది. విజ్ఞాన రంగాల్లో పనిచేసే స్త్రీలు ఉన్నత పాఠశాలల తరగతులకు వెళ్లి సుమారు గంటసేపు తమ పని గురించి మాట్లాడారు. దీని ఫలితంగా 12వ తరగతిలో ప్రతిభావంతులైన బాలికలు పురుషాధిక్యం గల, పోటీ ఎక్కువగా ఉన్న విజ్ఞాన కోర్సుల్లో చేరడం పెరిగింది. ఆ రంగాల్లో స్త్రీలు తక్కువగా ఉన్నారనే విషయాన్ని అతిగా నొక్కిచెప్పకుండా, ఉద్యోగ జీవితంపై విద్యార్థుల అవగాహనను మెరుగుపరచిన ప్రసంగాలే ఎక్కువ ఫలితమిచ్చాయి. “మీరు తక్కువమంది ఉన్నారు” అనే హెచ్చరిక “ఇది మీది కాదు” అనే సందేశంగా చేరే ప్రమాదం ఉందని దీని నుండి ఊహించవచ్చు.

6. ముగింపు:
బాలికలకు మంచి మార్కులు వస్తున్నాయి కాబట్టి మూసభావన తొలగిపోయిందనుకోవడం పొరపాటు. అది మార్కులతో రాజీపడి, వాటికి వేరే కారణం చెప్పడం నేర్చుకుంది. కనుక సవరించవలసినది ముందుగా కారణాలు చెప్పే మన భాషను. లెక్క తప్పినప్పుడు బాలుడికి ఇచ్చే వివరణనే బాలికకూ ఇవ్వాలి: ఏ మెట్టులో తప్పిందో చూపి, మళ్లీ చేయమనాలి. లెక్క సరిగా చేసినప్పుడు ఆమె ఎన్ని గంటలు కూర్చుందో చెప్పడంతో ఆగకుండా, ఏ ఆలోచనతో దానిని సాధించిందో అడగాలి. ఆ ప్రశ్న ఎదురైనప్పుడే ఆమె శ్రమలో ఉన్న తెలివి ఆమెకు కూడా కనిపిస్తుంది.