ఆబెల్, గాల్వా: అయిదో ఘాతం దగ్గర రెండు దారులు

1824లో నీల్స్ హెన్రిక్ ఆబెల్ క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, సొంత డబ్బుతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అచ్చు ఖర్చు తగ్గాలని వాదనంతా ఆరు పేజీల్లోకి కుదించాడు. ఆ తర్వాత 1831 జనవరిలో పంతొమ్మిదేళ్ళ ఎవరిస్త్ గాల్వా పారిస్‌లోని అకాడమీకి ఒక వ్యాసం సమర్పించాడు. ఇద్దరినీ పట్టుకున్న ప్రశ్న ఒకటే. వర్గ సమీకరణానికి మనం బళ్ళో నేర్చుకున్న సూత్రం ఉంది. మూడో ఘాతానికీ నాలుగో ఘాతానికీ పదహారో శతాబ్దంలోనే ఇటలీలో సూత్రాలు దొరికాయి. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు, కరణులు తప్ప మరేమీ వాడని అలాంటి సూత్రం అయిదో ఘాతానికి ఉందా?

లేదని ఇద్దరూ తేల్చారు. కానీ ఆ రెండు ‘లేదు’లు ఒకటి కావు.

ఆబెల్ పద్ధతి ఇలా సాగుతుంది. సూత్రం ఉందనే అనుకుందాం. అప్పుడు అందులో వచ్చే ప్రతి కరణినీ సమీకరణపు అయిదు మూలాల పరంగా, మళ్ళీ కరణులు లేకుండా రాయవచ్చని ముందు రుజువు చేశాడు. 1799లో ఇదే ఫలితాన్ని ప్రకటించిన ఇటాలియన్ గణితజ్ఞుడు రుఫీనీ రుజువు చేయకుండా వదిలేసిన మెట్టు ఇదే. ఆ తర్వాత ఆబెల్ లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. అయిదు మూలాలను అన్ని విధాలా అటూ ఇటూ మార్చితే ఒక్కో రాశి ఎన్ని విలువలు తీసుకుంటుంది? కోషీ 1815లో నిరూపించిన ఒక ఫలితాన్ని ఆసరాగా తీసుకుని, చివరికి ఒక సమానత్వం దగ్గరికి చేరాడు. దాని ఎడమ వైపు రాశికి 120 విలువలు, కుడి వైపు రాశికి 10 మాత్రమే. కాబట్టి సూత్రం లేదు. 1826లో క్రెల్లె పత్రిక తొలి సంపుటంలో దీన్నే విస్తరించి రాశాడు.

వాదన గట్టిదే. కానీ చదివి పుస్తకం మూసిన పాఠకుడికి ఒక వెలితి మిగులుతుంది. 120కీ 10కీ పొంతన కుదరలేదు, సరే. నాలుగో ఘాతంలో కుదిరినది అయిదో దగ్గర ఎందుకు కుదరలేదు? ఆ జవాబు గాల్వా వైపు నుంచి చూస్తేనే కనబడుతుంది.

గాల్వా మూలాల విలువలను కాక, వాటి మార్పిడులను చూశాడు. సమీకరణం మూలాల మధ్య ఉన్న సంబంధాలు చెడకుండా మూలాలను ఎన్ని విధాలా మార్చవచ్చో, ఆ మార్పిడులన్నీ కలిసి ఆ సమీకరణపు గ్రూపు. గుణకాలు ఏవైనా కావచ్చన్న సాధారణ సమీకరణంలో అన్ని మార్పిడులూ చెల్లుతాయి. నాలుగో ఘాతంలో 24, అయిదో ఘాతంలో 120. ఒక కరణిని కొత్తగా చేర్చుకుంటే గ్రూపుకు ఏమవుతుందన్నదే ఆయన అసలు ప్రశ్న.

నేటి భాషలో అది ఇలా ఉంటుంది. మార్పిడులకు చలించని ఏదో రాశికి p-వ కరణి తీశామనుకుందాం. (1 తాలూకు కరణులు ముందే చేతిలో ఉన్నాయనుకోవాలి.) A అనే మార్పిడి ఆ కరణిని 1 తాలూకు ఏదో ఒక p-వ కరణితో గుణిస్తుంది, అంతకు మించి ఏమీ చేయలేదు. B కూడా అంతే. కాబట్టి A చేసి, B చేసి, ఆపైన A ని వెనక్కి తిప్పి, B ని వెనక్కి తిప్పితే కరణి మొదటి విలువకే వచ్చేస్తుంది. ఈ నాలుగు అడుగుల మార్పిడిని కరణి గుర్తించలేదు. ఈ పని ఫలితంగా మూలాలు కూడా స్వస్థానాలకు చేరితే చిక్కు లేదు. చేరకపోతేనే చిక్కు.

నాలుగు మూలాలతో చేసి చూద్దాం. A అంటే 1→2→3→1. B అంటే 2→3→4→2. నాలుగు అడుగులూ వేస్తే 1, 4 ఒకదాని చోటికి ఒకటి, 2, 3 ఒకదాని చోటికి ఒకటి వెళ్తాయి. ఇలాంటి జంట మార్పిడులు మూడే ఉన్నాయి. వాటిలో ఏ రెంటితో మళ్ళీ అదే పని చేసినా ఏమీ కదలదు. అంటే గ్రూపు 24 నుంచి 12కి, 12 నుంచి 4కి, 4 నుంచి 1కి కరిగిపోతుంది. ఒక్కో మెట్టుకు సరిపడా కరణులు తీస్తూ దిగిరావచ్చు. గాల్వా తన వ్యాసంలో నాలుగో ఘాతపు గ్రూపును దాదాపు ఇలాగే దించి చూపాడు.

ఇప్పుడు అయిదు మూలాలు. A అదే, 1→2→3→1. B మాత్రం 3→4→5→3. రెంటికీ ఉమ్మడి మూలం 3 ఒక్కటే. నాలుగు అడుగుల తర్వాత మిగిలేది 2→3→5→2. అంటే మళ్ళీ మూడు మూలాల చక్రమే! పేర్లు మార్చుకుంటే ఏ మూడింటి చక్రాన్నైనా ఇలాగే పుట్టించవచ్చు. కాబట్టి ఒక మెట్టు కరణులు గుర్తించని చక్రాలతోనే తర్వాతి మెట్టు కరణులు కూడా గుర్తించని చక్రాలు తయారవుతాయి. కరణిలో కరణి, దానిలో మరో కరణి, ఎన్ని పొరలు వేసినా ఆ చక్రాలు చావవు. గ్రూపు 120 నుంచి 60కి దిగి, అక్కడే నిలిచిపోతుంది. సూత్రం విలువ చలించదు, అది చెప్పాల్సిన మూలం మాత్రం 2 నుంచి 3కి జరుగుతుంది. నాలుగు మూలాల్లో రెండు మూడింటి చక్రాలు తీసుకుంటే కనీసం రెండు మూలాలు ఉమ్మడిగా ఉండక తప్పదు. ఒక్క దాన్నే పంచుకునే చోటు అయిదు దగ్గర మొదటిసారి దొరికింది. ఆబెల్ లెక్కలో దొరకని ‘ఎందుకు’ ఇదే.

అయినా ఇక్కడ ఆబెల్‌కు దక్కాల్సింది దక్కాలి. A ఒక కరణిని కదుపుతుందని పైన తేలిగ్గా అనేశాను. కరణి మూలాల పరంగా రాయగలిగితేనే ఆ మాటకు అర్థం ఉంది. ఆ పూచీ ఇచ్చింది ఆబెలే. నాలుగు అడుగుల వాదనను మాత్రమే చెప్పి ఆ మెట్టును దాటేసే వ్యాసాలు రుఫీనీ చేసిన పొరపాటునే మళ్ళీ చేస్తున్నాయి.

ఆబెల్ పరిమితి మరో చోట ఉంది. గుణకాలన్నిటికీ పనిచేసే ఒకే సూత్రం లేదని మాత్రమే ఆయన రుజువు చేశాడు. ఫలానా సమీకరణానికి దాని సొంత కరణుల జవాబు ఉండవచ్చు. x^5 − 2 = 0 కు ఉంది, 2 తాలూకు అయిదో కరణి. దాని గ్రూపులో 20 మార్పిడులే ఉన్నాయి, అవి సునాయాసంగా కరిగిపోతాయి. మరి x^5 − 4x + 2 = 0 సంగతేమిటి? 1824 పుస్తకం దగ్గర దీనికి జవాబు లేదు.

గాల్వా దగ్గర ఉంది. అకరణీయ గుణకాలతో చిన్న ముక్కలుగా విడిపోని, ప్రధాన సంఖ్య ఘాతమున్న సమీకరణం కరణులతో సాధ్యం కావాలంటే, ఏ రెండు మూలాలు తెలిసినా మిగతావన్నీ వాటి నుంచి కూడికలు, గుణకారాలు, భాగహారాలతోనే రావాలని ఆయన తేల్చాడు. 1831 జులైలో అకాడమీ తరఫున పాయిజాన్ దీన్ని పరిశీలించి, రుజువులు స్పష్టంగా లేవన్నాడు. మూలాలే తెలియనప్పుడు మూలాల మీద పెట్టిన షరతును గుణకాలు చూసి ఎలా తేల్చాలన్నది ఆయన అభ్యంతరం.

x^5 − 4x + 2 = 0 తోనే ఆ అభ్యంతరాన్ని తూచవచ్చు. 2 తో ఐసెన్‌స్టైన్ పరీక్ష చేస్తే ఇది ముక్కలు కాదని తెలుస్తుంది. x కు −2, 0, 1, 2 ఇస్తే ఎడమ వైపు విలువ −22, 2, −1, 26. గుర్తు మూడుసార్లు మారింది, కాబట్టి కనీసం మూడు వాస్తవ మూలాలున్నాయి. అవకలజం 5x^4 − 4 రెండు చోట్లే సున్నా అవుతుంది, కాబట్టి మూడుకు మించి ఉండవు. మిగతా రెండూ సంకీర్ణ మూలాలు. ఇప్పుడు రెండు వాస్తవ మూలాలు తీసుకోండి. వాటిని ఎంత కూడినా, గుణించినా, భాగించినా వాస్తవ సంఖ్యలే వస్తాయి, సంకీర్ణ మూలం రాదు. షరతు తప్పింది. ఈ సమీకరణానికి కరణుల్లో జవాబు లేదు. మూలాల విలువలు కనుక్కోవాల్సిన పనే పడలేదు, అవి ఎన్ని వాస్తవాలో లెక్కపెడితే చాలింది.

పాయిజాన్ రుజువుల అస్పష్టత గురించి అన్నది న్యాయమే. ఆ వ్యాసం చదవడం నేటికీ కష్టమే. షరతు పనికిరాదనుకోవడం మాత్రం పొరపాటు. గాల్వా 1832 మే 31న ద్వంద్వ యుద్ధపు గాయంతో చనిపోయాడు. రెండు రోజుల ముందు మిత్రుడికి రాసిన ఉత్తరంలో, ముక్కలు కాని గ్రూపుల్లో, ప్రధాన సంఖ్యల సంగతి వదిలేస్తే, అతి చిన్నదానికి 5·4·3 మార్పిడులుంటాయని ఒక్క వాక్యంలో పేర్కొన్నాడు. అది మన 60 మార్పిడుల గ్రూపే. గణితజ్ఞుడు ల్యూవిల్ గాల్వా 1831 వ్యాసాన్ని 1846లో అచ్చువేశాడు. ఆబెల్ అప్పటికే 1829లో క్షయతో, 26 ఏళ్ళకే పోయాడు.

ఈ ఇద్దరి రచనలనూ చదవదలచిన వారు ముందు ఆబెల్‌ను చదవండి. ‘లేదు’ అన్న మాటకు ఎంత జాగ్రత్త కావాలో అక్కడ తెలుస్తుంది. తర్వాత గాల్వాను కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని, నాలుగు అడుగులూ చేత్తో వేస్తూ చదవండి. ‘కరణుల్లో లేదు’ అంటే ‘అసలు మూలమే లేదు’ అని మాత్రం అనుకోవద్దు. x^5 − 4x + 2 = 0 కు 0, 1 ల మధ్య ఒక మూలం ఉంది. నాలుగు దశాంశ స్థానాల వరకు దాని విలువ 0.5085.