గోళాకార అయస్కాంతం: పైపొరలో ప్రవాహం, లోపల ఏకరీతి క్షేత్రం

అయస్కాంతంలోని ప్రతి కణాన్నీ ఒక చిన్న విద్యుత్ వలయంగా భావించే పద్ధతి 1820లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంపియర్‌తో మొదలైంది. ఈ వలయాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి, అంతటా ఒకే సాంద్రతతో ఉన్న గోళమే ఏకరీతిగా అయస్కాంతీకరించిన గోళం. అందులో ఘనమీటరుకు ఉండే అయస్కాంత భ్రామకాన్ని అయస్కాంతీకరణ అంటారు, దాని గుర్తు M.

పక్కపక్క వలయాలు తాకే చోట వాటి ప్రవాహాలు ఎదురెదురుగా ఉండి రద్దవుతాయి కనుక గోళం లోపల ఏ ప్రవాహమూ మిగలదు, పైపొరలో మాత్రం రద్దు చేసే పొరుగు వలయం లేక మిగిలిపోతుంది. తీగలోలా ఎలక్ట్రాన్లు గోళం చుట్టూ సాగవు కాబట్టి దీన్ని బద్ధ ఉపరితల ప్రవాహం అంటారు. దాని సాంద్రత K = M sin θ; ఇక్కడ θ అక్షం నుంచి కొలిచిన కోణం కనుక, ప్రవాహం ధ్రువాల వద్ద సున్నాగానూ మధ్యరేఖ వద్ద గరిష్ఠంగానూ ఉంటుంది. గోళాన్ని ఉల్లిపాయ చక్రాల్లా అక్షానికి అడ్డంగా సమాన మందంతో కోస్తే, ధ్రువం దగ్గరి చక్రపు అంచులో ప్రవాహ సాంద్రత తగ్గినా అంచు వాలి వెడల్పవుతుంది. అందువల్ల ప్రతి చక్రం అంచునా ప్రవాహం సమానమే.

10 మిల్లీమీటర్ల వ్యాసం గల నియోడిమియం గోళాన్ని తీసుకుందాం. μ₀M విలువ 1.2 టెస్లా అయితే M మీటరుకు సుమారు 9,55,000 ఆంపియర్లు, పైపొరలోని మొత్తం బద్ధ ప్రవాహం దాదాపు 9,550 ఆంపియర్లు. ఈ వలయాలన్నీ కేంద్రంలో కలిగించే క్షేత్రాలను కూడితే వచ్చేది 1.2 కాదు, అందులో మూడింట రెండు వంతులు, అంటే 0.8 టెస్లా.

ఆ విలువ కేంద్రానికే పరిమితం కాదని మరో దారిలో తేలుతుంది. అయస్కాంతాన్ని అతిస్వల్పంగా పక్కకు జరిపిన రెండు గోళాలుగా, ఒకటి ఉత్తర ధ్రువత్వంతోనూ మరొకటి దక్షిణ ధ్రువత్వంతోనూ నిండినట్టు ఊహించవచ్చు. ఒక్కో గోళంలో క్షేత్రం దాని కేంద్రం నుంచి దూరానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి, రెంటినీ కలిపితే స్థానంతో సంబంధంలేని స్థిర సదిశ మిగులుతుంది. అదే H = −M/3, M కు ఎదురుదిశలోని నిరయస్కాంతీకరణ క్షేత్రం; అందుచేత B = μ₀(H + M) = (2/3)μ₀M.

ఉపరితలం దగ్గర ఈ ఫలితాన్ని సరిచూడవచ్చు: ధ్రువం దాటగానే క్షేత్రం 0.8 టెస్లాగానే కొనసాగుతుంది, మధ్యరేఖ వద్ద మాత్రం బయట దిశ తిరగబడి 0.4 అవుతుంది, లోపలికీ బయటికీ మధ్య ఈ మార్పైన 1.2 టెస్లా సరిగ్గా అక్కడి ఉపరితల ప్రవాహ సాంద్రతకు μ₀ రెట్లు. అయితే కొలిచే పరికరపు మొన ధ్రువం నుంచి ఒక మిల్లీమీటరు ఎడంగా ఉన్నా, బయటి క్షేత్రం కేంద్రం నుంచి దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది గనుక, కనిపించేది సుమారు 0.46 టెస్లాయే. ఆ అంకె చూసి అయస్కాంతం బలహీనమనుకోవడం పొరపాటు.