కాటా చీటీ చెప్పిందే కిరాయి

గాజువాక, ఆటోనగర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో కిరాయి బిల్లు రాయడం ఎవరికైనా వచ్చు. దాన్ని చదవడం కొందరికే వస్తుంది. 1933లో పోర్టు, ఆ తర్వాత దశాబ్దాలకు ఉక్కు కర్మాగారం వచ్చాక ఈ ఊళ్లో పెరిగిన విద్య ఇది. చేతిరాత రిజిస్టర్లు పోయి శాప్‌ వచ్చినా విద్య మారలేదు.

పనితనం లోడింగ్‌కు ముందే కనిపిస్తుంది. రాజమండ్రికి కొంత, విజయవాడకు మిగతాది వెళ్లాల్సిన కడ్డీలను మంచి డిస్పాచ్ మనిషి ఒకే షిప్‌మెంట్‌గా కలుపుతాడు. ముందు దిగాల్సిన రాజమండ్రి సరుకును చివర ఎక్కిస్తాడు. లారీని ఎంచేటప్పుడు రేటు ఒక్కటే చూడడు, చెప్పిన రోజున బండి పెట్టినవాడెవడో కూడా చూస్తాడు. ఎల్‌ఆర్‌ నంబరు, కాటా బరువు షిప్‌మెంట్‌లో ఎక్కించి, `VI01`లో కిరాయి లెక్క కట్టిస్తాడు. అంటే ట్రాన్స్‌పోర్టర్ బిల్లు రాకముందే, ఇవ్వాల్సింది ఎంతో మన దగ్గర రాసి ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. లారీలో నికర బరువు 25.340 టన్నులు, ఒప్పందం టన్నుకు రూ.1,200. కిరాయి రూ.30,408. బిల్లులో మాత్రం 26 టన్నులకు రూ.31,200, రెండు రోజుల హాల్టింగ్‌కు రూ.4,000, మొత్తం రూ.35,200 ఉంది. మామూలు గుమస్తా సంతకం పెట్టేస్తాడు. ఆరితేరినవాడు డెలివరీ రసీదు తీస్తాడు. కొనుగోలుదారు గేటు ముద్ర ప్రకారం లారీ మంగళవారం ఉదయం 9.40కి లోపలికి వెళ్లి, బుధవారం సాయంత్రం 4 గంటలకు బయటపడింది. ఒప్పందంలో ఉచిత గడువు 24 గంటలు. మించింది ఆరు గంటల ఇరవై నిమిషాలు కాబట్టి, ఒక రోజు హాల్టింగే వర్తిస్తుంది. చెల్లించాల్సింది రూ.32,408. బిల్లులో ఎక్కువ పడింది రూ.2,792. ఇలా బరువును కాటా చీటీతో, సమయాన్ని గేటు ముద్రతో, రేటును ఒప్పందంతో ఒకేసారి తూచే ఆ కన్ను నాకెప్పుడూ అబ్బురమే!

కోపం తెప్పించేది నకిలీ పని. కాటా నుంచి నేరుగా రావాల్సిన బరువును చేత్తో కొడతారు. బిల్లు వచ్చాక, దాన్ని చూసి డెలివరీ తేదీ నింపుతారు. అప్పుడు `MIRO`లో అన్నీ సరిపోతాయి, ఎందుకంటే సిస్టమ్ బిల్లును బిల్లుతోనే పోల్చుతోంది! తేడాల వల్ల బిల్లులు ఆగిపోతున్నాయని టాలరెన్స్ పెంచేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి చోట పట్టుకోవడం తేలికే: నెల బిల్లులన్నీ తీయండి. బరువులన్నీ రౌండు అంకెల్లో, ఒక్క తేడా కూడా లేకుండా ఉంటే, అక్కడ ఎవరూ తూచడం లేదు.

లారీ యజమానికి ఇందులో అన్యాయం లేదు. నిజంగా గేటు దగ్గర మూడు రోజులు నిలబడిన బండికి, ముద్ర ఉంటే హాల్టింగ్ దక్కుతుంది. ఆ ముద్ర వేయించుకోమని డ్రైవర్‌కు బయల్దేరేటప్పుడే చెప్పేవాడే నా దృష్టిలో పనిమంతుడు. అలాంటివాళ్లు రిటైరవుతున్నారు. వాళ్ల పక్కన ఒక్కో కుర్రాణ్ణి ఇప్పుడే కూర్చోబెట్టండి. కాటా వైరును సిస్టమ్‌కు కలపండి, బరువు గడిలో చేత్తో కొట్టే వీలు తీసేయండి.