కథావస్తువు, కథలోని వస్తువు

ఇటీవల ఒక కథాగోష్ఠిలో విన్న కథ నిదానంగా పరిశీలింపదగినదని తోచింది. అది ఇంకా అచ్చు కాలేదు కనుక రచయిత్రి పేరు చెప్పను. ఇతివృత్తం చిన్నది. తల్లి గతించి పదేండ్లయిన ఒక యువతి, కళాశాలలో ఉపన్యాసకురాలిగా చేరే రోజున, పెట్టెలో దాచిన తల్లి గద్వాల చీర కట్టుకొని బయలుదేరుతుంది.

ఇటువంటి కథకు ఒక ప్రమాదం ఉన్నది. పోయిన తల్లి, ఆమె చీర అనగానే పాఠకుని మనస్సు ముందే కరుగుతుంది. ఆ కరుణ రచయిత ఆర్జించినది కాదు, అప్పుగా దొరికినది. దానిని తీర్చే భారం కథమీదనే ఉంటుంది.

ఈ రచయిత్రి ఆ అప్పును చాలవరకు తీర్చినది. చీర విప్పగానే మడత వెంబడి జానెడు మేర పిగిలి కనిపిస్తుంది. గద్వాల చీరకు ఒడలు నూలు. అంచూ కొంగూ పట్టు. ఏండ్ల తరబడి ఒకే మడతలో ఉన్న నూలు ఆ గీత వెంటనే చివుకుతుంది, అంచు మాత్రం నిలుస్తుంది. కాబట్టి ఈ చిరుగు కథకోసం తెచ్చిపెట్టినది కాదు, చీర స్వభావంనుండి పుట్టినది. దాని పక్కనే మరొక పాత చిరుగు, దానిమీద వేరొక రంగు దారంతో కుట్టు. ఆ కుట్టు తల్లిది. చిరుగులు కుచ్చెళ్ల లోపలికి పోయేటట్లు చీర సర్దుకొంటూ ఉండగా, తల్లి కూడా ప్రతి పేరంటానికీ ఇట్లే సర్దుకొని వెళ్లినదని కుమార్తెకు తడుతుంది. ఆమెకు ఉన్న మంచి చీర ఇదొక్కటే. ఈ సంగతి తల్లి ఎన్నడూ చెప్పలేదు. పదేండ్ల దుఃఖం చూపని తల్లిని ఒక్క కుట్టు చూపినది.

కుమార్తె తరగతి గుమ్మంలో నిలిచి కుచ్చెళ్లను ఒకసారి అరచేత అదుముకొంటుంది. కథ అక్కడ ముగియవలసినది. కాని రచయిత్రి మరొక పేరా చేర్చినది. అందులో జరీ ధగధగ మెరుస్తుంది, చీర ఆశీర్వచనమై చుట్టుకొంటుంది, గుండె మాతృప్రేమతో నిండుతుంది.

ఇందులో రెండు దోషాలున్నవి. వెండి జరీ పెట్టెలో పదేండ్లు ఉంటే నల్లబడుతుంది. నూలు చివుకుట గమనించిన కన్ను జరీ నలుపును గమనింపకపోవుట వింత. ఇది చిన్న దోషం. పెద్దది, రసాన్ని దాని పేరుతోనే చెప్పుట. మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలను చెప్పుతూ దీనినే మొదట పేర్కొన్నాడు. కుట్టు ధ్వనింపజేసిన దానిని పేరా వాచ్యం చేసినది. అంతేకాదు, చిరుగును దాచుకొని తలయెత్తి నడచిన ఒక స్త్రీని ఆశీర్వదించే దేవతగా మార్చి, మనకు అప్పుడే తెలిసిన మనిషిని మళ్లీ దూరం చేసినది.

అచ్చుకు ఇచ్చేముందు రచయిత్రి ఆ పేరాను కొట్టివేయగలదని ఆశిస్తాను. కథావస్తువు మాతృప్రేమ కావచ్చును. కథలో ఉండవలసిన వస్తువు మాత్రం పిగిలిన చీరయే.