ముక్కల్లో నిలిచే ఒత్తు

ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 2480×3508 పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. అందులో 8 పాయింట్ల అక్షరం ఎత్తు సుమారు 33 పిక్సెళ్లు. మోడల్ కన్ను 336 పిక్సెళ్ల చదరానికే పరిమితమైతే, పేజీ మొత్తాన్ని అందులో కుదించినప్పుడు అక్షరం మూడు పిక్సెళ్లకు చేరుతుంది, తెలుగు ఒత్తుకు ఒక్క చుక్కే మిగులుతుంది. తర్వాత ఎంత పెద్దది చేసినా పోయిన ఒత్తు తిరిగి రాదు. అందుకే పేజీని ముందే 336 పిక్సెళ్ల ముక్కలుగా కోసే పనితనం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం నిజమే. 14 పిక్సెళ్ల గళ్లతో చూసే మోడల్‌కు ఒక్కో ముక్క 576 టోకెన్లు. పూర్తి సైజులో 88 ముక్కలు కావాలి. అందుకే నేర్పరి పేజీని ముందు సగానికి తగ్గిస్తాడు. అక్షరం 16 పిక్సెళ్లుంటుంది, 24 ముక్కలు చాలు. పైకీ కిందికీ ముక్కలు 52 పిక్సెళ్ల మేర ఒకదానిపై ఒకటి పడతాయి కనుక అంచున తెగిన వరుస పక్క ముక్కలో నిండుగా దొరుకుతుంది. అదే వరుస ఫలితంలో రెండుసార్లు వస్తే, కలిపేటప్పుడు ఒకటి తీసేయడం మరిచారన్నమాట. ముక్కలతో పేజీ అమరిక చెదురుతుందనేవారి కోసం కుదించిన పూర్తి పేజీని కూడా జతచేస్తారు. పట్టికలో ఏ అంకె ఏ గడిదో అది చెబుతుంది. స్కానే మసకగా ఉంటే మాత్రం ఏ కోతా అక్షరాన్ని పుట్టించలేదు.